చివరి రూపాయి ఎక్కడ పెట్టాలి?

ఖమ్మంలో ఒకావిడ రాత్రి సీరియల్ మధ్యలో ఒక పచ్చళ్ల కంపెనీ ప్రకటన చూస్తుంది. రెండు రోజులయ్యాక ఫోన్‌లో వంట వీడియో చూస్తుంటే అదే పేరు మళ్లీ చెవిన పడుతుంది. ఆదివారం గూగుల్‌లో ఆ పేరు కొట్టి ధర చూసుకుంటుంది. సాయంత్రం వీధి చివరి కిరాణా కొట్లో గోంగూర పచ్చడి సీసా కొని యూపీఐలో డబ్బు కడుతుంది. ఈ అమ్మకం ఏ ప్రకటన ఖాతాలో రాయాలి? టీవీలో ఎవరు చూశారో కంపెనీకి తెలియదు. కొట్లో ఎవరు కొన్నారో తెలియదు. గూగుల్‌లో ఎవరో తన పేరు మీద నొక్కారని మాత్రం తెలుసు, కానీ ఆ నొక్కినావిడే సీసా కొన్నదని తెలిసే దారి లేదు.

డిజిటల్ ప్రకటనలు అమ్మేవాళ్లు కొన్నేళ్లపాటు ఈ చిక్కు తీరిపోయిందనే చెప్పారు. కుకీలతోనూ ఫోన్ గుర్తింపు సంఖ్యలతోనూ మనిషి వెంట నడిచి, కొనేముందు చివరగా ఏది నొక్కాడో పట్టుకుని, ఆ ప్రకటనకే మొత్తం ఘనత ఇచ్చారు. తర్వాత ఆ దారులు ఒక్కొక్కటే మూసుకుపోతూ వచ్చాయి. ఆపిల్ తన సఫారీ బ్రౌజర్‌లో బయటివాళ్ల కుకీలను 2020లో పూర్తిగా ఆపేసింది. 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5తో, ఏ యాప్ అయినా మనిషిని వెంటాడాలంటే ముందు అతని అనుమతి అడగాలన్న నియమం తెచ్చింది. దీనివల్ల 2022లో తమ ఆదాయానికి సుమారు 1,000 కోట్ల డాలర్ల దెబ్బ తగలొచ్చని మెటా ఆ ఏడాది ఫిబ్రవరిలో చెప్పింది. మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లు కాబట్టి ఆ దెబ్బ మనకు అంతగా తెలియలేదు. అయినా టీవీ, దినపత్రిక, గోడ మీద రాత, కిరాణా కొట్టు అనే నాలుగింటిలోనూ వెంటాడటం మనకు ఎప్పుడూ కుదరలేదు. అమెరికావాళ్లకు 2021లో వచ్చిన ఇబ్బంది మన పచ్చళ్ల కంపెనీకి పుట్టుకతోనే ఉంది.

మనిషి వెంట పడకుండానే లెక్క తేల్చే పద్ధతి పేరు మీడియా మిక్స్ మోడలింగ్. సబ్బులు, పానీయాలు అమ్మే పెద్ద కంపెనీలు ఇంటర్నెట్ రాకముందు నుంచీ వాడుతున్నదే ఇది. ఇందులో ఏ ఒక్కరి గురించీ ప్రశ్న ఉండదు. వారానికి ఎంత అమ్మాం, ఆ వారం టీవీకి ఎంత పెట్టాం, గూగుల్‌కు ఎంత పెట్టాం, ధర ఎంత ఉంది, పండగ ఉందా, ఎండ ఎలా ఉంది అని రెండు మూడేళ్ల వరుస తీసుకుని, అమ్మకాల ఎత్తుపల్లాల్లో దేని వాటా ఎంతో గణాంకశాస్త్రంతో విడదీస్తారు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, కుకీ అక్కర్లేదు. వినడానికి తేలికగా ఉన్న ఈ పనిలో చాలామంది ఒక పెద్ద గోతిలో పడతారు. ఆ గొయ్యి ఎక్కడుందో, పడకుండా ఎలా చూసుకోవాలో చెప్పడానికే ఈ వ్యాసం.

లెక్క కోసం ఒక పచ్చళ్ల కంపెనీని ఊహించుకుందాం. అంకెలన్నీ నేను కల్పించినవి, కాగితం మీద వేసి సరిచూసుకోవడానికి వీలుగా. ఆంధ్ర, తెలంగాణల్లో అమ్ముకునే ఈ కంపెనీకి సరుకు ఖర్చు, రవాణా, డీలర్ కమిషన్ పోగా వారానికి 120 లక్షలు మిగులుతుంది. దీన్ని మిగులు అని పిలుద్దాం. అందులోంచి టీవీకి వారానికి 20 లక్షలు, గూగుల్ సెర్చ్ ప్రకటనలకు 6 లక్షలు పెడుతోంది. పత్రికలు, యూట్యూబ్ కూడా ఉన్నాయి కానీ ఇప్పటికి వాటిని పక్కన పెడదాం.

మొదట అంకెలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడాలి. మామూలుగా కంపెనీ కంప్యూటర్‌లో సులువుగా దొరికేది ప్రైమరీ సేల్స్, అంటే ఫ్యాక్టరీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లిన సరుకు. నెలాఖరున టార్గెట్ పూర్తి చేయడానికి సేల్స్ మేనేజర్ డిస్ట్రిబ్యూటర్ మీద స్కీమ్ పెట్టి సరుకు దింపుతాడు. ఆ వారం అంకె పైకి ఎగురుతుంది, మరుసటి వారం పడిపోతుంది. ఖమ్మంలో ఆవిడ కొన్న సీసాకు దీంతో ఏ సంబంధమూ లేదు. ఈ అంకెలు మోడల్‌కు ఇస్తే, నెలాఖరులో నడిచిన ప్రకటన ఏదైనా సరే అదే అమ్మించిందని చెబుతుంది. కావలసింది సెకండరీ సేల్స్, అంటే డిస్ట్రిబ్యూటర్ నుంచి కొట్లకు వెళ్లినది. అది కూడా కొనుగోలుదారు చేతికి అందినదానికి ఒక మెట్టు వెనకే ఉంటుంది, అయినా చాలా మేలు. నన్నడిగితే మోడల్ కట్టే కాలంలో సగం ఈ అంకెలు సరిచేయడానికే పోవాలి. పోలేదంటే ఎక్కడో తప్పు దాక్కుని ఉందన్నమాటే.

తర్వాత ప్రకటన ప్రభావం ఎంతకాలం నిలుస్తుందన్న సంగతి. సోమవారం చూసిన ప్రకటన సోమవారమే అమ్మించదు. ఇంట్లో ఉన్న సీసా అయిపోయాక కొట్టుకు వెళ్లినప్పుడు పేరు గుర్తొస్తుంది. దీన్ని లెక్కలోకి తెచ్చే పద్ధతిని బ్రిటన్‌కు చెందిన సైమన్ బ్రాడ్‌బెంట్ 1979లో వివరించి, యాడ్‌స్టాక్ అని పేరు పెట్టాడు. ఈ వారం పెట్టిన ప్రకటనకు, పోయిన వారం నుంచి మిగిలిన ప్రభావంలో కొంత వాటా కలపాలి. సూత్రం ఇంతే:

```
A(t) = x(t) + λ · A(t-1)
```

ఇక్కడ x ఈ వారం ప్రకటన, A పోగైన ప్రభావం, λ వారం నుంచి వారానికి మిగిలే వాటా. టీవీకి λ 0.6 అనుకుందాం. ఒకే ఒక్క వారం 10 లక్షల ప్రకటన ఇచ్చి ఆపేస్తే, రెండో వారం 6 లక్షలంత, మూడో వారం 3.6 లక్షలంత, నాలుగో వారం 2.16 లక్షలంత ప్రభావం మిగిలి ఉంటుంది. అన్నీ కలిపితే 25 లక్షలకు చేరుతుంది. సెర్చ్‌లో λ దాదాపు సున్నా, ఎందుకంటే వెతికినవాడు అప్పుడే కొంటాడు, లేదా మానేస్తాడు. ఈ తేడా తెలియని యజమాని టీవీ ఆపి చూస్తాడు. రెండు వారాలు అమ్మకాలు పెద్దగా తగ్గవు. టీవీ దండగ అని తేల్చేస్తాడు. నిజానికి ఆ రెండు వారాలూ అతను పాత ప్రకటనల నిల్వను ఖర్చుపెడుతున్నాడు.

మూడోది తనివి తీరడం. మొదటి లక్ష రూపాయల ప్రకటన కొత్తవాళ్లకు చేరుతుంది. ఇరవయ్యో లక్ష, ఇప్పటికే ఆరుసార్లు చూసినవాళ్లకు ఏడోసారి చూపిస్తుంది. కాబట్టి ఖర్చు పెరిగేకొద్దీ ఫలితం పెరుగుతుంది గానీ పెరిగే వేగం తగ్గుతూ వస్తుంది. ఈ వంపును రాయడానికి వాడే సూత్రాల్లో సులువైనది:

```
ఫలితం = B · x / (K + x)
```

B అంటే ఎంత డబ్బు గుమ్మరించినా దాటలేని గరిష్ఠ ఫలితం. K అంటే అందులో సగానికి చేర్చే ఖర్చు. మన కంపెనీకి మోడల్ ఇలా తేల్చిందనుకుందాం: టీవీకి B 120 లక్షలు, K 40 లక్షలు. సెర్చ్‌కు B 24 లక్షలు, K 2 లక్షలు. అయితే ఇప్పుడు పెడుతున్న 20 లక్షలకు టీవీ వారానికి 40 లక్షల మిగులు తెస్తోంది, అంటే రూపాయికి 2 రూపాయలు. సెర్చ్ 6 లక్షలకు 18 లక్షలు తెస్తోంది, రూపాయికి 3.

ఈ రెండు అంకెలు చూడగానే మీటింగ్‌లో ఎవరో ఒకరు, టీవీలోంచి తీసి సెర్చ్‌లో పెడదాం అంటారు. అది తప్పు, అంకెలు నిజమే అయినా తప్పు. 3 అనేది సగటు. ఆ సగటును పైకి లాగింది మొదట్లో పెట్టిన రూపాయలు. మనం తేల్చుకోవలసింది ఇకమీద పెట్టబోయే రూపాయి ఎంత తెస్తుందన్నది. వంపు మీద ఇప్పుడున్న చోట నిలబడి లెక్కేస్తే సెర్చ్‌లో ఇంకో రూపాయి తెచ్చేది 75 పైసలు. టీవీలో ఇంకో రూపాయి తెచ్చేది రూపాయి 33 పైసలు. సెర్చ్ తన వంపు చివరికి చేరిపోయింది. ఆ పేరు వెతికేవాళ్లు అన్నిసార్లే వెతుకుతారు, డబ్బు పెంచితే వెతుకులాట పెరగదు. టీవీకి ఇంకా చోటుంది. డబ్బు సెర్చ్ నుంచి టీవీకి రావాలి.

ఎంత రావాలన్నది కూడా వంపే చెబుతుంది. సెర్చ్‌ను 6 నుంచి 4 లక్షలకు తగ్గిస్తే 2 లక్షల మిగులు పోతుంది. ఆ 2 లక్షలు టీవీలో కలిపితే 2.58 లక్షలు వస్తుంది. నికరంగా వారానికి 58 వేలు లాభం. మురిసిపోయి ఇంకో లక్ష జరిపితే, అంటే మొత్తం 3 లక్షలు జరిపితే, లాభం పెరగదు సరికదా 21 వేలకు పడిపోతుంది. రెండు చోట్లా చివరి రూపాయి దాదాపు ఒకే ఫలితం ఇచ్చే దగ్గర ఆగాలి. 4, 22 లక్షల దగ్గర ఆ ఫలితాలు రూపాయి 33 పైసలు, రూపాయి 25 పైసలు. అక్కడితో చాలు.

నేను మొదటి నుంచీ మిగులు అంటూ వచ్చాను, అమ్మకం అనలేదు. చాలా ఏజెన్సీల నివేదికల్లో రూపాయికి ఇంత అని రాసేది అమ్మకం. వంద రూపాయల అమ్మకంలో నలభై మాత్రమే మిగిలే సరుకుకు, ప్రకటన రూపాయికి 2 రూపాయల అమ్మకం తెచ్చిందంటే 80 పైసలు మిగిలినట్టు, అంటే 20 పైసలు పోయినట్టు. పెద్దగా కనిపించే అంకె దేని అంకె అని అడగడం నామోషీ కాదు.

ఇక గొయ్యి సంగతి. పై లెక్కంతా B, K, λ నిజమని నమ్మి వేసింది. అవి ఎక్కడి నుంచి వచ్చాయి? పాత అంకెల నుంచి. పాత అంకెల్లో ప్రకటన ఎప్పుడు ఇచ్చారు? జనం కొనే కాలంలో. సంక్రాంతికి మూడు వారాల ముందు నుంచి ప్రతి ఏడాదీ ఈ కంపెనీ టీవీ ఖర్చును వారానికి 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచుతుంది. ప్రతి ఏడాదీ ఆ వారాల్లో మిగులు కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షలకు ఎగురుతుంది. ఇరవై లక్షలు అదనంగా పెడితే అరవై లక్షలు అదనంగా వచ్చింది కాబట్టి టీవీ రూపాయికి 3 రూపాయలు తెచ్చిందని ఒక కథ. ఊళ్లకు వచ్చిన చుట్టాల కోసం, అల్లుళ్ల కోసం నలభై అయిదు లక్షల సరుకు ఎలాగూ పోయేదే, టీవీ తెచ్చింది పదిహేను లక్షలే, రూపాయికి 75 పైసలే అని ఇంకో కథ. ఈ రెండు కథలూ ఆ అంకెలకు సమానంగా సరిపోతాయి. ఎంత తెలివైన సాఫ్ట్‌వేర్ అయినా వీటిలో ఏది నిజమో చెప్పలేదు, ఎందుకంటే ప్రకటన లేని సంక్రాంతి ఆ అంకెల్లో ఒక్కటీ లేదు, పండగ లేని రోజుల్లో భారీ ప్రకటనా లేదు.

పండగను విడిగా లెక్కలో పెట్టాం అంటారు మోడల్ కట్టేవాళ్లు. పెట్టడం అవసరమే. కానీ ప్రకటన, పండగ ఎప్పుడూ జంటగా కదిలితే పెట్టినా విడిపోవు. కొంత ఊరట ఏమిటంటే మన పండగలన్నీ సంక్రాంతిలా స్థిరంగా ఉండవు. దీపావళి 2022లో అక్టోబర్ 24న వచ్చింది, 2023లో నవంబర్ 12న వచ్చింది. పండగ జరిగినా ప్రకటనల షెడ్యూలు జరగకపోతే, ఆ తేడాలోంచి మోడల్‌కు కొంత సమాచారం దొరుకుతుంది. అయితే క్యాలెండర్‌ను సరిగ్గా ఇవ్వాలి. విదేశీ సెలవుల జాబితాతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌కు ఆషాఢంలో బట్టల కొట్ల తగ్గింపులు ఎందుకో తెలియదు, శ్రావణ శుక్రవారం అంటే తెలియదు, అధికమాసం వచ్చిన ఏడాది పండగలు ఎందుకు ఆలస్యమయ్యాయో అసలే తెలియదు. అవి మనిషి కూర్చుని చేత్తో రాయాల్సినవి.

సెర్చ్‌లో ఈ చిక్కు ఇంకా ముదురు. పేరు వెతికినవాడు కొనాలనుకున్నాకే వెతికాడు. ప్రకటన అతన్ని పుట్టించలేదు, దారిలో కనిపించిందంతే. కొనేవాళ్లు పెరిగిన వారం వెతుకులాట పెరుగుతుంది, వెతుకులాట పెరిగితే నొక్కుళ్లు పెరిగి సెర్చ్ ఖర్చు తనంతట తానే పెరుగుతుంది. ఖర్చు అమ్మకాన్ని పెంచిందో, అమ్మకమే ఖర్చును పెంచిందో అంకెల్లో ఒకేలా కనిపిస్తుంది.

దీనికి నిఖార్సైన సాక్ష్యం ఈబేలో దొరికింది. అక్కడ పనిచేసిన ఆర్థికవేత్తలు థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టడెలిస్ 2012లో ఒక ప్రయోగం చేశారు. ఈబే అనే పేరు వెతికినవాళ్లకు చూపించే ప్రకటనలను యాహూ, మైక్రోసాఫ్ట్ సెర్చ్‌లలో ఆపేశారు. ప్రకటన ద్వారా వచ్చే నొక్కుళ్లు మాయమయ్యాయి, కానీ వాటిలో 99.5 శాతం ఆ ప్రకటన కిందే ఉన్న మామూలు లింకు గుండా వచ్చేశాయి. డబ్బు కట్టి కొన్న దారి పక్కనే ఉచిత దారి ఉంది, జనం అందులోంచి నడిచారు. తర్వాత పేరు లేని వెతుకులాటలకు కూడా, అంటే ఫలానా వస్తువు కావాలని వెతికేవాళ్లకు చూపే గూగుల్ ప్రకటనలను అమెరికాలో దాదాపు 30 శాతం ప్రాంతాల్లో ఆపి, మిగతా చోట్ల ఉంచి పోల్చారు. పాత అంకెల మీద మామూలు రిగ్రెషన్ వేస్తే ఆ ప్రకటనల లాభం వేల శాతాల్లో వచ్చింది. ప్రయోగం తేల్చింది మైనస్ 63 శాతం, అంటే డాలర్ పెడితే వెనక్కి వచ్చింది 37 సెంట్లు. ఈ పరిశోధన 2015లో ఎకనామెట్రికా పత్రికలో వచ్చింది. ఈబే అందరికీ తెలిసిన పేరన్నది మరిచిపోకూడదు. అక్కడ కూడా కొత్తవాళ్ల మీద, అరుదుగా కొనేవాళ్ల మీద ప్రకటన పనిచేసింది. నిన్న మొన్న మొదలైన కంపెనీకి ఈ ఫలితం యథాతథంగా వర్తించదు. కానీ పాత అంకెలు ఎంత దూరం తప్పుదారి పట్టించగలవో తెలుసుకోవడానికి ఇది చాలు.

మన పచ్చళ్ల కంపెనీ కూడా ఇదే చేయాలి. అమ్మకాలున్న 24 ప్రాంతాల్లో 8 ఎంచి, ఆరు వారాలు సెర్చ్ ప్రకటనలు పూర్తిగా ఆపాలి. ఆ 8 ఎంచడంలో మెళకువ ఉంది. గుంటూరులో ఆపి విజయవాడలో ఉంచితే లాభం లేదు, అటువాళ్లు ఇటు వచ్చి కొంటారు, ఫోన్ లొకేషన్ కూడా కలగాపులగం అవుతుంది. రెండూ ఒకే ప్రాంతంగా లెక్కించాలి. ఆపే ప్రాంతాలు, ఆపనివి గత ఏడాదిగా కలిసి ఎక్కి కలిసి దిగినవై ఉండాలి. పండగ వారాలు తప్పించాలి. ఆ ఆరు వారాల్లో కొత్త స్కీములు, ధర మార్పులు ఏ ఒక్క వైపుకో రాకుండా సేల్స్ వాళ్లను ముందే కట్టడి చేయాలి. అన్నిటికంటే కష్టమైనది ఇదే.

ఫలితం ఇలా వచ్చిందనుకుందాం. ప్రయోగానికి ముందు ఆపని 16 ప్రాంతాల్లో వారానికి 80 లక్షల మిగులు, ఆపబోయే 8 ప్రాంతాల్లో 40 లక్షలు, అంటే సరిగ్గా సగం. ప్రయోగం జరిగిన ఆరు వారాల్లో ఆపని చోట్ల సగటు 88 లక్షలకు పెరిగింది. ప్రకటన ఉండి ఉంటే ఆపిన చోట్ల 44 రావాలి. వచ్చింది 43.2. వారానికి 80 వేలు తగ్గింది. ఆ ప్రాంతాల్లో ఆదా అయిన ప్రకటన ఖర్చు వారానికి 2 లక్షలు. అంటే సెర్చ్ నిజంగా తెస్తున్నది రూపాయికి 40 పైసలు. మోడల్ చెప్పింది 3 రూపాయలు.

ఈ 40 పైసలు కూడా ఖచ్చితమైన అంకె కాదు. ఏ ప్రకటనా ఆపని రోజుల్లోనే ఆ సగం అనే నిష్పత్తి వారం వారం అటూ ఇటూ ఊగుతుంటుంది. ఆ ఊగు ఆపిన ప్రాంతాల మిగులులో 2 శాతం, అంటే వారానికి 80 వేలు అనుకుంటే, ఆరు వారాల సగటులో అది సుమారు 33 వేలకు తగ్గుతుంది. మామూలుగా దానికి రెండింతలు అటూ ఇటూ వదులుతారు. అప్పుడు నిజమైన నష్టం వారానికి 15 వేల నుంచి లక్షా 45 వేల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, అంటే రూపాయికి 8 పైసల నుంచి 73 పైసల వరకు. ఇంత వెడల్పు ఉన్నా నిర్ణయం మాత్రం స్పష్టం, ఎందుకంటే పై అంచు కూడా రూపాయికి లోపే. ఒకే ఒక్క వారం ఆపి చూసి ఉంటే ఆ 80 వేల తగ్గుదల మామూలు ఊగులో కలిసిపోయేది, ఏమీ తేలేది కాదు. ప్రయోగం ఎన్ని వారాలు నడపాలన్నది ఉత్సాహాన్ని బట్టి కాదు, ఈ ఊగు ఎంత ఉందన్నదాన్ని బట్టి ముందే లెక్క వేసుకోవాలి.

ఇప్పుడు మోడల్‌ను పారేయాలా? అక్కర్లేదు. దానికి ఈ సంగతి చెప్పాలి. 2017లో గూగుల్ పరిశోధకులు ఈ మోడళ్లను బేసియన్ పద్ధతిలో కట్టే తీరును ఒక పత్రంలో వివరించారు. ఆ పద్ధతిలో అంకెలు చూడకముందే మనకున్న నమ్మకాన్ని లెక్కలోకి ఎక్కించవచ్చు. సెర్చ్ ఫలితం రూపాయికి 40 పైసల దగ్గర, 8 నుంచి 73 పైసల మధ్య అని ప్రయోగం తెచ్చిన అంచనాను అక్కడ పెడతాం. గూగుల్ 2025 జనవరిలో అందరికీ తెరిచిన మెరిడియన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ వీలుంది. జనం గూగుల్‌లో ఎంత వెతుకుతున్నారన్న అంకెను కూడా అందులో విడిగా ఇవ్వొచ్చు. దానివల్ల కోరిక పెరిగి ఖర్చు పెరగడాన్ని, ఖర్చు పెరిగి అమ్మకం పెరగడాన్ని కొంతైనా విడదీయవచ్చు.

ఇలా సరిదిద్దాక సెర్చ్ ఖాతాలో 18 లక్షలకు బదులు రెండున్నర లక్షల లోపే మిగులుతుంది. ఆ పోయిన పదిహేను లక్షల పైచిలుకు ఎటు వెళ్తుంది? కొంత టీవీకి, కొంత అసలు ప్రకటనే లేకపోయినా అమ్ముడయ్యే మూల అమ్మకానికి. ఎంతెంత అన్నది ఈ ప్రయోగం చెప్పదు. దానికి టీవీ మీద ఇంకో ప్రయోగం కావాలి. ఉపగ్రహ చానల్‌లో ఇచ్చిన ప్రకటన రెండు రాష్ట్రాలూ చూస్తాయి కాబట్టి జిల్లాల వారీగా ఆపడం కుదరదు. కాలంలోనే అటూ ఇటూ మార్చాలి. పండగ రద్దీ లేని ఫిబ్రవరిలో నాలుగు వారాలు ఖర్చు రెట్టింపు చేసి, జూలైలో నాలుగు వారాలు పూర్తిగా ఆపి చూడాలి. λ 0.6 కాబట్టి ప్రభావం కరిగేదాకా ఆపిన తర్వాతి వారాలూ గమనించాలి. పత్రికల విషయంలో మనకో సౌకర్యం ఉంది. తెలుగు దినపత్రికలకు జిల్లా పేజీలు దశాబ్దాలుగా ఉన్నాయి. ఏ జిల్లాలో ప్రకటన వేయాలో, ఎక్కడ ఆపాలో కంపెనీ చేతిలో పని. ఇంత చక్కటి ప్రయోగశాల ఉండి కూడా వాడుకున్నవాళ్లు నాకు తారసపడలేదు.

సాఫ్ట్‌వేర్ ఉచితమే కదా, మనమే నడిపేద్దాం అనుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. మెటా తెచ్చిన రాబిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక్క జవాబు ఇవ్వదు. వేల మోడళ్లు ప్రయత్నించి కొన్నింటిని ముందుంచుతుంది, వాటిలోంచి మనిషి ఎంచుకోవాలి. మోడళ్లను వడకట్టడానికి అది వాడే కొలతల్లో ఒకటి, ఒక మాధ్యమానికి పెట్టిన ఖర్చు వాటాకూ దాని ఫలితం వాటాకూ మధ్య తేడా తక్కువ ఉండాలన్నది. ఆలోచించి చూడండి: ఇప్పటి పంపకం సరైనదా కాదా అని తేల్చమని అడిగితే, ఇప్పటి పంపకానికి దగ్గరగా ఉన్న జవాబుకు అది మొగ్గుతోంది. పిచ్చి జవాబులు రాకుండా ఆ ఏర్పాటు చేశారు, కారణం అర్థమైనదే. కానీ ఆ సంగతి తెలియకుండా నివేదిక చదివితే, మనం పెట్టిన డబ్బు మనకే అద్దంలో కనిపిస్తుంది. ఈ రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లూ ప్రకటనలు అమ్ముకునే కంపెనీల నుంచే వచ్చాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. మోసమని కాదు, కోడ్ అందరి ముందూ ఉంది. డిఫాల్ట్‌గా పెట్టినవి ఎందుకలా పెట్టారో మనం చదివి తెలుసుకోవాలి.

మోడల్ తప్పుతోందని పసిగట్టడానికి చార్టులో గీత అమ్మకాల గీత మీద అతుక్కుని నడవడం చూస్తే చాలదు. పండగలు ఒక్కటి ఇస్తే చాలు, ఏ మోడల్ అయినా అలా అతుక్కుంటుంది. చివరి పది పన్నెండు వారాలు దాచిపెట్టి, వాటిని ముందుగా చెప్పగలదేమో చూడాలి. ఆపైన ఇంకో పరీక్ష: ఏవైనా ఎనిమిది వారాలు తీసేసి మళ్లీ కట్టించాలి. టీవీ ఫలితం 2 నుంచి 0.9కి పడిపోతే, ఆ 2 కొన్ని పండగ వారాల భుజాల మీద నిలబడి ఉందన్నమాట. రెండేళ్ల వారాలు 104 మాత్రమే. ఐదు మాధ్యమాలకు తలా మూడు తెలియని సంఖ్యలు, ధర, పండగలు, వాతావరణం కలిపితే పాతిక ముప్పై దాకా తేల్చాలి. అన్నీ తేలాయని ఎవరైనా చెబితే నమ్మకండి. వారానికి ఇరవై వేలు పెట్టే చిన్న మాధ్యమం సంగతి ఈ పద్ధతిలో ఎప్పటికీ తేలదు. ఏ ప్రకటన బొమ్మ బాగుందో కూడా ఇది చెప్పదు. ఇరవై ఏళ్లుగా ఇంటింటా పేరు నాటుకోవడంలో టీవీ వాటా ఎంతో అసలే చెప్పలేదు. అదంతా మూల అమ్మకంలో కలిసిపోయి ఉంటుంది. కాబట్టి మోడల్ మాట విని టీవీని ఒక్కసారిగా సున్నాకు తేవడం, మొదటి ఏడాది లాభంగానూ మూడో ఏడాది నష్టంగానూ కనిపించవచ్చు.

ఏజెన్సీ మీ ముందు మోడల్ నివేదిక పెట్టినప్పుడు రూపాయికి ఎంత అన్న అంకె కంటే ముందు ఒక్కటి అడగండి: గత ఏడాదిలో ఏ మాధ్యమాన్ని, ఏ ప్రాంతంలో, ఎన్ని వారాలు ఆపి చూశారు, దాని ఫలితం ఈ మోడల్‌లో ఎక్కడ ఉంది? జవాబు ఉంటే ఆ చివరి రూపాయి లెక్కను పట్టుకుని డబ్బు జరపండి. జవాబు లేకపోతే ఈ మూడు నెలల్లో ఏ మాధ్యమం బడ్జెట్‌నూ పదో వంతుకు మించి కదపకండి, ముందు ఆ ప్రయోగానికి తేదీలు ఖరారు చేయించండి.